నడిమి కాలు

మా బావకి నోట్లో నాలుక లేదని వీధిలో అందరూ అంటారు. ఉంది, నేను చూశాను. అన్నం దగ్గర బాగానే ఆడుతుంది. మాట్లాడాల్సి వచ్చినప్పుడే అదెక్కడికి పోతుందో తెలియదు. అక్కతో పెళ్లయిన కొత్తలో, "బావా, నా వంట నచ్చిందా లేదా?" అని అడిగితే ఖాళీ గిన్నె నా ముందు పెట్టి లేచి వెళ్లిపోయాడు. అదే జవాబనుకోవాలి. కాలు బెణికినా చెప్పడు, జ్వరం వచ్చినా చెప్పడు. ఉన్న కష్టమంతా కడుపులో పెట్టుకుని, ముఖం మాత్రం కడిగిన పలకలా పెట్టుకుని తిరుగుతాడు. ఇలాంటివాణ్ణి లోకం మంచివాడంటుంది. ఇలాంటివాడితో చాలా జాగ్రత్తగా ఉండాలని నేనంటాను.

బావది మంచాలు బిగించే పని. రేకుల షెడ్డులో తయారైన మంచాన్ని ముక్కలుగా వ్యానులో వేసుకెళ్లి, కొన్నవాళ్ల ఇంట్లో నిలబెట్టి రావాలి. తర్వాత ఆ మంచం కిర్రుమన్నా, నడుమ కుంగినా మళ్లీ తనే వెళ్లాలి. అదే షెడ్డులో అడ్డంగా కట్టిన ప్లైవుడ్డు గోడకి అవతల నేను పరుపులు కుడతాను. కొన్నవాళ్ల దగ్గరనుంచి "పడుకుంటే గుంటలో పడ్డట్టుంది" అని ఫోను వచ్చిందంటే చాలు, ఆ ప్లైవుడ్డు గోడకి రెండువైపులా యుద్ధమే. మంచం తప్పని నేను, పరుపు తప్పని మంచాలవాళ్లు. బావ మాత్రం ఏ పక్షమూ మాట్లాడడు. స్పానరు జేబులో వేసుకుని సైకిలెక్కుతాడు.

నిజం చెప్పాలంటే, పని బాగా తెలిసినవాడు. వెళ్లగానే మంచం ఎక్కి గెంతడు. పరుపు తీయించి నేలమీద పరిపిస్తాడు. నేలమీద కూడా గుంట కనిపిస్తే పరుపు తప్పు, లేకపోతే మంచం తప్పు. మంచమైతే నాలుగు మూలలా చెయ్యి వేసి ఊపుతాడు. పక్కపట్టెల్ని తలవైపు బోర్డుకి, కాళ్లవైపు బోర్డుకి కలిపే ఇనుప బ్రాకెట్లు వదులైతే ముందు అవి బిగిస్తాడు. అడ్డచెక్కలు పట్టె లోపలి బద్ద మీద రాసుకుని అరుస్తుంటే, చెక్క చివర్ల కింద దళసరి ఉన్నిగుడ్డ ముక్కలు అంటిస్తాడు. చెక్కా చెక్కా కలిసే చోట కొవ్వొత్తి రుద్దుతాడు. చివరికి నడిమి కాలు చూస్తాడు. అది నేలకి ఆనకుండా గాల్లో ఉందంటే, దాని అడుగునున్న మరబోల్టు తిప్పి నేలకి దించుతాడు. అంతే, మంచం నోరు మూసుకుంటుంది. "మీ ఆయన చెయ్యి పడితే మంచాలు కూడా ఆయనలాగే అయిపోతాయి" అని నేను అక్కని ఏడిపించేదాన్ని. అక్క నవ్వేది.

ఆ ఏడు మాత్రం అక్క నవ్వడం బాగా తగ్గింది. మూడోసారి కడుపుతో ఉంది. మొదటి రెండుసార్లూ నిలవలేదు. రెండోసారి పోయినప్పుడు అక్క ఏడ్చింది, నేను ఏడ్చాను, బావ పెరట్లోకి వెళ్లి పాత తలుపు ఒకటి చిత్రిక పడుతూ కూర్చున్నాడు. ఆ తలుపుతో ఎవరికీ పని లేదు. ఈసారి డాక్టరమ్మ ముందే గట్టిగా చెప్పింది. మెట్లు ఎక్కకూడదు, బరువులు ఎత్తకూడదు, కుదుపులు తగలకూడదు, బాత్రూముకి తప్ప పక్క దిగకూడదు. "ఈ బిడ్డ కూడా పోతే మళ్లీ ఆశ పెట్టుకోవద్దు" అని అక్క లేనప్పుడు బావకి చెప్పింది. ఆ మాట బావ అక్కకి చెప్పలేదు. నాకూ చెప్పలేదు. మందులు తెచ్చుకోవడానికి నేను వెళ్లినప్పుడు డాక్టరమ్మే నాతో అంది కాబట్టి తెలిసింది.

పక్క దిగకూడదంటే పక్క సరిగ్గా ఉండాలి కదా. అప్పటిదాకా వాళ్లు నేలమీదే పడుకునేవాళ్లు. బావ షెడ్డునుంచి వెడల్పాటి మంచం ఒకటి తెచ్చాడు. కొన్నవాళ్లు రంగు నచ్చలేదని తిప్పి పంపేసినది. ముక్కలన్నీ తనే మోసుకొచ్చి, వీధివైపు గదిలో తనే బిగించాడు. వెడల్పు మంచాల సంగతి ఏమిటంటే, అడ్డచెక్కలు సన్నగా ఉంటాయి, ఒక పట్టె నుంచి ఇంకో పట్టెదాకా బరువు మోయలేవు. అందుకని మధ్యలో తలవైపునుంచి కాళ్లవైపుకి ఒక దూలం వేస్తారు. దాని రెండు కొసలూ దోసిలిలా ఉండే ఇనుప బ్రాకెట్లలో కూర్చుంటాయి. దూలం నడుమ కింద ఒక కాలు. మనిషి బరువులో పెద్ద వాటా ఆ ఒక్క కాలి మీదే పడుతుంది. పరుపు నేనే కుట్టాను. చుట్టుపక్కల ఎవరికీ కుట్టనంత ఒద్దికగా కుట్టాను.

మొదటి రోజుల్లో అక్క హాయిగానే పడుకుంది. తర్వాత ఒక పొద్దున కాఫీ ఇస్తుంటే అంది.

"నడుమ కొంచెం జారుతున్నట్టుందే."

"ఎక్కడికి జారుతున్నావ్?"

"మధ్యకి. ఒత్తిగిలినప్పుడల్లా మధ్యకే పోతున్నా."

నాకు ముక్కు మీద కోపం. నా పరుపుని అన్నట్టే వినబడింది. "పరుపు కుట్టిందెవరనుకున్నావ్, అందులో గుంట పడే ప్రసక్తే లేదు. మీ ఆయన్ని అడుగు" అన్నాను. బావ అక్కడే నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆ రోజు నేను అక్కకి స్నానం చేయిస్తుంటే గదిలో ఇనుము మీద ఇనుము తిరిగిన చప్పుడు చిన్నగా వినబడింది. మేం వచ్చేసరికి దుప్పటి సరిచేసి, చేతులు కడుక్కుని, పనికి పోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

రెండు వారాలు గడిచాయో లేదో అక్క మళ్లీ అంది. ఈసారి మధ్యకి కాదు, అంచుకి జారుతున్నానంది. ఇంకొన్నాళ్లకి మళ్లీ మధ్యకి. ఒకసారి ఇటు, ఒకసారి అటు. "నాకే ఏదో అయిందేమోనే. నేల కదులుతున్నట్టుంటుంది" అంది ఒక మధ్యాహ్నం. అప్పుడు చూశాను, పడుకున్నంతసేపూ ఎడమచేత్తో మంచంపట్టెని గట్టిగా పట్టుకునే ఉంది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. బస్సులో నిలబడ్డవాళ్లు కమ్మీ పట్టుకున్నట్టు పట్టుకుని నిద్రపోతోంది మా అక్క.

ఇంకొక సంగతి నన్ను ఇంకా భయపెట్టింది. ఆ మంచం అసలు చప్పుడు చేసేది కాదు. ఎంత మంచి మంచమైనా మనిషి దొర్లితే ఎక్కడో ఒక చోట చిన్నగా కిర్రుమంటుంది. ఇది అనదు. ఆరో నెల మనిషి ఇటునుంచి అటు తిరిగితే కూడా కిక్కురుమనదు. బావ ఆ మంచానికి ఎన్ని ఉన్నిగుడ్డ ముక్కలు కుక్కాడో, ఎంత కొవ్వొత్తి రుద్దాడో. అక్క నిద్ర చెడకూడదనే చేశాడు, కాదనను. కానీ కుంగే మంచం అరుస్తూ కుంగాలి. నోరు నొక్కిపెట్టి కుంగితే ఎవరికి తెలుస్తుంది?

మర్నాడు అక్కని బాత్రూములో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, "ఒక్క క్షణం, తువ్వాలు తెస్తా" అని గదిలోకి వచ్చాను. పరుపు ఒక పక్కనుంచి మడిచాను. నా మెళ్లో ఎప్పుడూ దారపు ఉండ వేలాడుతుంటుంది. దారాన్ని ఈ పట్టె అంచునుంచి ఆ పట్టె అంచుకి బిగలాగి కట్టాను. కుంగిన మంచమైతే దారానికీ మధ్య చెక్కలకీ నడుమ సందు ఉండాలి. ఇక్కడ అడ్డచెక్కలు మధ్యలో దారాన్ని పైకి తోస్తున్నాయి. గుంట కాదు, గుట్ట. చెక్కలన్నీ వీపు ఎత్తిన పిల్లుల్లా ఉన్నాయి. కొసలు బద్దల మీద సరిగ్గా ఆనడం లేదు. ఒక చెక్క కొస కింద వేలు దూర్చి చూస్తే వేలు పట్టింది.

సాయంత్రం షెడ్డులో బావని పట్టుకున్నాను. ప్లైవుడ్డు గోడ ఇవతలకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాను.

"నడిమి కాలు పెంచుతున్నావు కదా బావా?"

నీళ్లు నమిలాడు. "కొంచెం."

"ఎన్నిసార్లు?"

"కుంగినప్పుడల్లా."

"అసలెందుకు కుంగుతోందో చూశావా?"

"కొత్త చెక్క. సర్దుకుంటుంది."

"సర్దుకునే చెక్క ఒకసారి సర్దుకుంటుంది. ఇన్నిసార్లా? అక్కని కిందకి దించి మొత్తం విప్పి చూడొచ్చుగా."

"దించితే ఎందుకని అడుగుతుంది." బావ అటూ ఇటూ చూశాడు. "అడిగితే చెప్పాలి. చెబితే భయపడుతుంది. భయపడకూడదు తను. నేను చూసుకుంటాలే, నువ్వు మాత్రం ఏమీ అనకు."

అరికాలిమంట నెత్తికెక్కింది నాకు. అయినా అక్కతో ఏమీ అనలేదు. అక్క భయపడకూడదన్నది నిజమే కదా. ఆ 'నిజమే కదా' అన్నది ఎంత చెడ్డ మాటో అప్పుడు నాకు తెలియదు.

ఇక్కడ బావ వైపునుంచి కూడా ఒక మాట చెప్పాలి. మా షెడ్డు నేల సిమెంటుతో గట్టిగా పోసినది. అక్కడ మంచం నిలబెట్టినప్పుడు నడిమి కాలు ఆనకపోతే కాలు పొట్టి అన్నమాట. బోల్టు తిప్పి పొడుగు చేస్తారు. అక్కడ పనిచేసేవాళ్లందరికీ ఇది చేతివేళ్లకి పట్టిన అలవాటు. మంచంలో ఏ లోపం వచ్చినా మంచంలోనే వెతుకుతారు. నేలని ఎవరూ అనుమానించరు. వాళ్లకి నేలంటే నేలే, అది ఎక్కడికి పోతుంది?

ఆ తర్వాత ఒక గురువారం నేను పనికి వెళ్లలేదు. మిషను అక్క వాళ్ల వంటింట్లోనే పెట్టుకుని దిండు గలీబులు కుడుతున్నాను. మధ్యాహ్నం బావ భోజనానికి వచ్చాడు. అక్క నిద్రపోతోంది. రాత్రంతా కన్ను మూయలేదని పొద్దున్నే చెప్పింది. ఇప్పుడు మాత్రం వెల్లకిలా పడుకుని, నోరు కొంచెం తెరుచుకుని, మంచంపట్టె మీద చెయ్యి కూడా వదిలేసి ఒళ్లెరగకుండా పడుకుంది. బావ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. మంచం మళ్లీ మధ్యలో కుంగి ఉండడం తనకి కనబడి ఉంటుంది. నేను మిషను తొక్కుతూ ఉన్నాను.

కాసేపటికి మిషను ఆపి దారం మారుస్తుంటే గదిలోంచి పిలుపు వినబడింది.

"అమ్మాయ్."

బావ నన్నెప్పుడూ అలా పిలవడు. 'ఏమే' అంటాడు, లేకపోతే దగ్గుతాడు. ఆ గొంతు మామూలుగానే ఉంది, చాలా మెల్లగా ఉంది, అందుకే నా పై ప్రాణాలు పైనే పోయాయి. గదిలోకి వెళ్లాను. బావ కనబడలేదు. మంచం కిందనుంచి రెండు పాదాలు మాత్రం బయటికి ఉన్నాయి.

"అరవకు. కిందకి వంగి చూడు" అన్నాడు.

వంగాను. వెల్లకిలా పడుకుని ఉన్నాడు. రెండు చేతులూ దూలం కింద పెట్టి ఎత్తి పట్టుకున్నాడు. మోచేతులు నేలకి ఆనించాడు. పక్కన నడిమి కాలి బోల్టు పడి ఉంది, అడుగున గుండ్రటి ఇనుపబిళ్లతో సహా. ముఖంనుంచి చెమట చెవుల్లోకి కారుతోంది.

"బోల్టు ఇంకొక్క చుట్టు తిప్పుదామనుకున్నా. లోపల మర అయిపోయింది. ఊడి చేతిలోకొచ్చింది."

"మళ్లీ బిగించెయ్."

"అందదు. నేల చూడు."

చూశాను. కాలు నిలబడే చోట గచ్చుపలక నిలువునా పగిలి ఒక ముక్క లోపలికి దిగిపోయింది. ఆ పలక రంగు మిగతావాటికంటే కొంచెం తేడాగా ఉందని ఇంట్లో దిగిన రోజే నేను అనుకున్నాను. ఎప్పుడో అక్కడ తూమో గొయ్యో ఉంటే, పూడ్చి పైన పలక వేసేసి ఉంటారు. అడుగున వదులు మట్టి. నడిమి కాలు దాన్ని నొక్కుతోంది, అది దిగుతోంది, బావ బోల్టు పెంచుతున్నాడు. పెంచినకొద్దీ పట్టెల మీదుండాల్సిన బరువు కూడా ఆ కాలి మీదకే వస్తోంది, పలక ఇంకా దిగుతోంది. ఇన్నాళ్లూ మంచం కుంగడం లేదు. నేల కుంగుతోంది.

"కొసలు బ్రాకెట్లలో ఉన్నాయిగా బావా. వదిలితే అందులో కూర్చుంటుంది."

"లేవు. నేను ఎత్తీ ఎత్తీ బ్రాకెట్ అంచు దాటించేశా. తలవైపు కొస పక్కకి జరిగిపోయింది. వదిలితే ఆ మొండి కాలు పక్కకి ఒరిగిపోతుంది, కింద పట్టేది ఏమీ లేదు. చెక్కలు మధ్యలో వంగితే కొసలు బద్దల మీదనుంచి జారిపోతాయి. మొత్తం ఒక్కసారే వచ్చేస్తుంది." అంత పొడుగు మాట ఆయన నోట నేను అప్పటిదాకా వినలేదు.

పైన అక్క నిద్రలో ఊపిరి తీస్తోంది. ఆమెకీ బావ ముఖానికీ మధ్య నేను కుట్టిన పరుపు, సన్నని చెక్కలు, ఒక మనిషి రెండు చేతులు. అంతే.

"ఎంతసేపైంది?"

"నువ్వు మిషను ఆపుతావని చూస్తున్నా. గట్టిగా పిలిస్తే తను ఉలిక్కిపడి లేస్తుంది."

అదెంతసేపో మళ్లీ అడగలేదు. వంటింట్లోకి పరిగెత్తాను, కాళ్ల చప్పుడు కాకుండా మునివేళ్ల మీద. ఏదైనా చెక్కదిమ్మ కావాలి, దూలం కింద పెట్టడానికి. ముక్కాలిపీట ఎత్తు ఎక్కువ, దూరదు. ఇటుకలు లేవు. నా దారాల చెక్కపెట్టె దొరికింది. తెచ్చి, పగిలిన పలక తప్పించి, ఆయన రొమ్ము పక్కనుంచి దూలం కిందకి తోశాను. దానికీ దూలానికీ మధ్య బెత్తెడు ఖాళీ మిగిలింది.

"అది చాలదు" అన్నాడు. "మీ అక్కని దించు. ఒక్కదానివల్ల కాదు. పక్కింటి పెద్దమ్మని పిలు."

పక్కింటి పెద్దమ్మది ఇస్త్రీ పని. రోజంతా బొగ్గుల ఇస్త్రీపెట్టె తిప్పే చేతులు. గట్టిగా మాట్లాడడం తప్ప ఇంకోలా మాట్లాడడం ఆవిడకి రాదు. గుమ్మంలోనే ఆవిడ నోటికి నా చెయ్యి అడ్డం పెట్టి, మంచం కింద చూపించాను. ఆవిడ ఒకసారి వంగి చూసి, లేచి, కొంగు నడుముకి దోపింది. ఆ ఒక్కరోజూ ఆవిడ నోరు కట్టేసుకుంది, ఆ ఋణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు.

అక్క పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెవి దగ్గర పిలిచాను. ఒక చెయ్యి భుజం మీద, ఇంకో చెయ్యి తుంటి మీద వేసి నొక్కి పట్టుకున్నాను, లేస్తూ ఒత్తిగిలకుండా.

"అక్కా. కళ్లు మాత్రం తెరువు. కదలకు."

తెరిచింది. నా ముఖం చూసింది. చెయ్యి కడుపు మీదకి పోయింది.

"ఏమైంది? బిడ్డకా?"

"బిడ్డకేం కాలేదు. మంచం బాగాలేదు. నిన్ను దుప్పటితో సహా కిందకి దింపుతాం. నువ్వేమీ చెయ్యకు, కట్టెలా ఉండు."

"ఆయనేరీ?"

నేను సమాధానం చెప్పేలోపు కిందనుంచి బావ అన్నాడు. "ఇక్కడే ఉన్నా. కదలకు."

అక్క ముఖంలో రంగు పోయింది. తన కిందనుంచి, తన వీపు కిందనుంచి మొగుడి గొంతు రావడం ఎలా ఉంటుందో నేను ఊహించలేను. అయినా కదల్లేదు. కళ్లు గట్టిగా మూసుకుంది. కంటి కొసలనుంచి నీళ్లు దిండు మీదకి జారాయి.

నేలమీద బొంత, దిండ్లు పరిచాం. తలవైపు దుప్పటి కొసలు పెద్దమ్మ పట్టుకుంది, కాళ్లవైపు నేను. ఇద్దరం మంచానికి ఒకే పక్క నిలబడి ముందు ఆమెని మెల్లగా అంచుకి లాగాలి. అక్కడే ఉంది ముప్పంతా. మధ్యనుంచి బరువు అంచుకి రాగానే ఎత్తి ఉన్న చెక్కలు తక్కెడలా అవతలివైపు లేస్తాయి, దూలం పక్కకి పొర్లుతుంది. బావకి తెలుసు. "అంచుకి రాగానే ఆగకండి. ఎత్తెయ్యండి" అన్నాడు. పెద్దమ్మ నా వైపు చూసింది. తలూపాను.

లాగాం. అప్పుడు ఆ మంచం మొదటిసారి అరిచింది. చెక్క చీలినట్టు పొడుగ్గా ఒక శబ్దం. "ఎత్తెయ్యండి" అని బావ అరిచాడు. ఎత్తాం. అక్క మా ఇద్దరి చేతుల మధ్య గాల్లో ఉంది. మోకాళ్లు వంచి ఆమెని బొంత మీదకి దించుతుంటే వెనక ధడధడమని చెక్కలన్నీ ఒకదాని వెంట ఒకటి జారి, దూలంతో సహా కూలిపోయాయి. పరుపు మధ్యకి మడతపడి దిగిపోయింది. దుమ్ము లేచింది. ఆ తర్వాత ఎలాంటి చప్పుడూ లేదు.

బావ అరవలేదు. అదే నాకు కోపం, ఇప్పటికీ. అరిస్తే బతికున్నాడని తెలిసేది కదా.

పెద్దమ్మా నేనూ పరుపు ఈడ్చి పారేశాం, చెక్కలు ఏరి పక్కన పెట్టాం. దూలం దారాల పెట్టె మీద పడి ఆగింది. లేకపోతే రొమ్ము మీద పడేది. కానీ పెట్టెకీ దూలానికీ మధ్య కుడిచేతి వేళ్లు ఇరుక్కున్నాయి. దూలం ఎత్తాక ఆ చేతిని చూసి నేను ముఖం తిప్పుకున్నాను. బావ మాత్రం చెయ్యి చూసుకోలేదు. పాక్కుంటూ బయటికొచ్చి, నేలమీదున్న అక్క పక్కన కూలబడ్డాడు.

"తగిలిందా?" అని అడిగాడు.

అక్క తల అడ్డంగా ఊపింది. ఆయన చేతిని చూసి కొంగు చింపబోయింది. "కదలకు" అన్నాం ముగ్గురం ఒకేసారి.

ఆసుపత్రిలో బావ చేతికి కట్టు కట్టారు. రెండు వేళ్లు ఇక పూర్తిగా ముడుచుకోవని చెప్పారు, స్పానరు ఎడంచేత్తో పట్టడం నేర్చుకోవాలన్నమాట. అక్కని వేరే గదిలో పడుకోబెట్టారు. డాక్టరమ్మ పరీక్ష చేసి, గుండె కొట్టుకుంటోంది, కానీ తల్లి బాగా బెదిరిపోయింది, బిడ్డ కదలిక కోసం చూద్దాం అంది. ఆ 'చూద్దాం' మమ్మల్ని చంపేసింది. అక్క రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని పైకప్పు చూస్తూ ఉంది. నేను మంచం కాళ్ల దగ్గర కుక్కిన పేనులా కూర్చున్నాను. బావ గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. కిటికీ బయట వెలుగు పోయింది. నర్సు వచ్చి వెళ్లింది. మళ్లీ వచ్చింది. "కదలిక తెలిసిందా?" అని అడిగింది. అక్క లేదంది. మూడోసారి అడిగినప్పుడు అక్క కళ్లు మూసుకుంది. మొదటి రెండుసార్లు పోయినప్పుడు ఉన్న ముఖమే మళ్లీ వచ్చింది. నేను లోపల దేవుళ్లందర్నీ తిట్టాను.

అప్పుడు బావ మాట్లాడాడు. గోడ దగ్గరనుంచి కదలకుండానే, ఎవరో మెడ పట్టుకుని బయటికి లాగుతున్నట్టు ఒక్కొక్క మాటా చెప్పాడు. మొదటిసారి కుంగినప్పుడే విప్పి చూడాల్సిందని, చూడకుండా కాలు పెంచానని, చప్పుడు వస్తే తనకి తెలిసిపోతుందని ఉన్నిగుడ్డ కుక్కానని, చెక్కల కొసలు లేచాయని తెలిసి కూడా రేపు చూద్దాం రేపు చూద్దాం అనుకున్నానని. ఈ బిడ్డ కూడా పోతే ఇక లేదని డాక్టరమ్మ చెప్పిన మాట కూడా చెప్పేశాడు. నేను లేచి ఆయన నోరు మూయబోయాను. అక్క నన్ను చేత్తో ఆపింది.

"ఆ మాట నాకు అప్పుడే తెలుసు" అంది. "నాకూ చెప్పింది ఆవిడ. మీరు భయపడతారని నేను చెప్పలేదు."

ముగ్గురం ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరం ఇన్నాళ్లూ మోశాం. నాకు నవ్వూ ఏడుపూ కలిపి వచ్చాయి.

అక్క ఉన్నట్టుండి ఊపిరి బిగబట్టింది. చేతులు కొంచెం పక్కకి జరిపింది. ఆగింది. మళ్లీ జరిపింది.

"ఇటు రండి" అంది బావతో.

వచ్చాడు. కట్టు కట్టిన చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో పట్టుకున్నాడు. అక్క ఆయన రెండో చెయ్యి అందుకుని కడుపు మీద పెట్టి గట్టిగా నొక్కింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత బావ ముఖం మారింది. లోపలనుంచి బిడ్డ తన్నిందని ఆ ముఖం చూసి నాకు తెలిసింది.

ఆయన ఏడవడం మొదలుపెట్టాడు, శబ్దం చేస్తూ, చిన్నపిల్లాడిలా. అక్క ఆ చెయ్యి వదల్లేదు. కోపంగానే అంది.

"ఇంకెప్పుడూ నాకు చెప్పకుండా ఏదీ ఒక్కరే మోయకండి."